“ఏందో, ఏం సమజైతలేదు” అని మెసేజ్ వస్తే ఏమని రాయాలి?

రాత్రి పదిన్నర దాటాక మీ ఫోనుకు ఒక మెసేజ్ వచ్చిందనుకుందాం. పంపినామె హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో టీచరు, మీతో కలిసి కొన్నేళ్లు పనిచేసి, ఇప్పటికీ మిమ్మల్ని అక్కా అని పిలిచే మనిషి. మీరు కాజీపేటలో ఉంటున్నారు. ఆమె రాసింది ఇంతే: “ఏందో అక్క, ఇంట్ల బడిల ఎటు జూసిన అట్లనే ఉంది. ఏం సమజైతలేదు. సరె తియ్యి, పడుకో.” ఏం జరిగిందో అందులో లేదు, మీ నుంచి ఏం కావాలో కూడా లేదు. పైగా తలుపు తీసిన చేత్తోనే మళ్లీ దగ్గరకు వేసినట్టు “పడుకో” అని ముగించింది. ఇటువంటి మెసేజ్‌కు, ఆమె నోరు మూసుకునేలా కాకుండా, అలాగని బలవంతంగా చెప్పించేలా కాకుండా, ఆమెకు మీ నుంచి ఎటువంటి ఆసరా కావాలో నెమ్మదిగా అడిగే జవాబు ఎలా రాయాలో ఇక్కడ ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

ముందుగా మెసేజ్‌ను మళ్లీ చదవండి

జవాబు టైపు చేయకముందు ఆ మెసేజ్‌ను రెండోసారి చదవడం మొదటి పని. ఆమె కష్టానికి కారణం ఏమై ఉంటుందో ఊహించడం కోసం కాదు, ఆమె నిజంగా వాడిన మాటలు ఏవో చూసుకోవడం కోసం. “ఇంట్ల బడిల” అని రెండు చోట్లనూ కలిపి చెప్పింది కనుక విషయం ఒక్కటి కాకపోవచ్చు. రోజూ పది గంటలకల్లా పడుకునే మనిషి ఇప్పుడు రాస్తోందంటే అది కూడా ఒక సంగతే. రాసి వెంటనే డిలీట్ చేసిన మెసేజ్ ఏదైనా పైన ఉందా, ఎప్పుడూ పెట్టని స్టేటస్ ఏదైనా పెట్టిందా అన్నది గమనించండి, అయితే “డిలీట్ చేసినవెందుకు?” అని నిలదీయకండి. ఇదే మాట ఆమె పదిమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో రాసి ఉంటే జవాబు గ్రూపులో ఇవ్వకుండా ఆమెకు విడిగా రాయండి. అందరి ముందు అడిగితే ఎవరైనా “ఏం లేదు, ఊకె” అనే అంటారు.

వెంటనే ఫోన్ చేయాలనిపించడం సహజం, కానీ ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మన ఇళ్లలో అత్తమామలు, పిల్లలు అందరూ రెండు గదుల్లోనే ఉంటారు కనుక, పైకి మాట్లాడే వీలు లేకనే ఆమె వేళ్లతో రాస్తూ ఉండవచ్చు. ఆ సమయంలో ఫోన్ మోగితే “ఇంత రాత్రి ఎవరు?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన కొత్త ఇబ్బంది ఆమెకు మీ వల్ల వస్తుంది. ఆమె ఏ దారిలో వచ్చిందో ఆ దారిలోనే వెళ్లండి. మాట్లాడే వీలుందా అన్నది తర్వాత అడగవచ్చు.

చేతికి ముందుగా వచ్చే జవాబులు ఎందుకు పనికిరావు

ఎక్కువమంది రాసేది “ఏమైంది?” అన్న ఒక్క మాట. అందులో ప్రేమ లేదని కాదు. కానీ ఏం జరుగుతోందో తనకే సమజైతలేదని చెప్పిన మనిషిని, జరిగినదంతా వరుసగా కుదించి చెప్పమని అడగడం అవుతుంది. అలసిపోయిన మనిషికి అది పెద్ద పని. అందుకే ఆ ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు “ఏం లేదు అక్క” అన్నదే. రెండోది “అన్నీ మంచిగైతయి, దేవుడున్నడు” అన్న ఓదార్పు. విషయం వినకముందే ఇచ్చిన ఓదార్పు, మాట అక్కడితో అయిపోయిందని చెప్పినట్టు వినిపిస్తుంది. “నాగ్గూడ గంతే ఉంది” అన్నది మాటను మీ వైపు తిప్పేస్తుంది, “నువ్వు ఊకె ఎక్కువ ఆలోచిస్తవు” అన్నదాని గురించి చెప్పనవసరం లేదు.

సలహా సంగతి మాత్రం కొంచెం నిలిచి చూడాలి, ఎందుకంటే మంచి మనసున్నవాళ్లే ఎక్కువగా చేసే పొరపాటు అది. అడగకుండా ఇచ్చిన సలహా ఎంత సరైనదైనా, “ఈ మాత్రం నీకు తోచలేదా?” అన్న ధ్వనితో చేరే ప్రమాదం ఉంది. పైగా అన్ని కష్టాలకూ ఒకే ఆసరా సరిపోదు. కరోలిన్ కట్రోనా, డేనియల్ రసెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో దీని గురించి ఒక వాదన ముందుకు తెచ్చారు. మనిషి చేతిలో ఉన్న కష్టానికి, అంటే ఏదో ఒకటి చేసి మార్చుకోగలిగిన దానికి, దారి చూపే మాట, చేసిపెట్టే పని ఎక్కువగా ఉపయోగపడతాయని, చేతిలో లేని కష్టానికి మనసుకు దగ్గరగా ఉండడం ఎక్కువగా ఉపయోగపడుతుందని ఆ వాదన సారాంశం. ఇది ఆలోచించడానికి మంచి ఆధారమే కానీ, ఎవరి కష్టం ఏ రకమో బయటినుంచి తేల్చడం మాత్రం నమ్మదగిన పని కాదని నా అభిప్రాయం. ఉదాహరణకు, ఆమె అత్తకు ఆపరేషన్ జరిగిందని తెలిసి మీరు ఆసుపత్రి వివరాలు వెతికి పంపుతుంటే, ఆమె బాధ బడిలో పడ్డ మాట గురించి అయి ఉండవచ్చు. అందుకే ఊహించకుండా అడగడం.

అడిగే మెసేజ్‌ను ఇలా కట్టండి

మొదటి వాక్యంలో ఆమె మాటనే ఆమెకు తిరిగి చెప్పండి, అది మీకు ఎలా వినిపించిందో ఒక్క ముక్క చేర్చండి. “టెన్షన్‌లో ఉన్నట్టున్నవ్”, “డిప్రెషన్ల ఉన్నవా?” వంటి పేర్లు పెట్టకండి. మీరు పెట్టిన పేరు తప్పయితే ఆమె దాన్ని కాదనడంతోనే సరిపోతుంది, నిజమైతే భయపడుతుంది. ఆ తర్వాత ఆసరా గురించిన ప్రశ్న రావాలి. చివర ఇప్పుడు చెప్పకపోయినా ఫరవాలేదన్న వీలు ఉండాలి. మూడూ కలిపితే మన ఉదాహరణకు ఇలా ఉంటుంది:

“ఎటు జూసిన అట్లనే ఉంది అంటున్నవ్ గద చెల్లె, బాగ అలిసిపోయినట్టు అనిపించింది నాకు. నేను ఊకె వింటె నీకు మంచిగుంటదా, లేకపోతె ఏం చెయ్యాల్నో ఇద్దరం కలిసి ఆలోచిద్దామా? ఇప్పుడు చెప్పబుద్ధి కాకపోతె ఏం కాదు, రేపు గూడ నేనుంట.”

ఇందులో మధ్య వాక్యమే ప్రాణం. “నీకు ఎట్లాంటి సాయం కావాలె?” అని అడిగితే ఆఫీసు కిటికీ దగ్గర దరఖాస్తు అడిగినట్టు ఉంటుంది, పైగా ఆలోచించే భారం మళ్లీ ఆమె మీదనే పడుతుంది. రెండు దారులు పేరు పెట్టి ముందు పెడితే ఆమె ఒకదాన్ని ఎంచుకుంటే చాలు, ఒక్క మాటతో జవాబు ఇవ్వవచ్చు. రెండుకు మించి పెట్టకండి. మూడోది పెట్టవలసి వస్తే “లేదంటె వేరే ముచ్చటేదన్న పెట్టుకుందామా” అన్నది చేర్చవచ్చు, ఎందుకంటే కొందరికి ఆ రాత్రికి ఆ విషయం మరచిపోవడమే కావాలి. నాలుగైదు దారులు పెడితే మాత్రం అది పరీక్ష పేపరు అవుతుంది.

చేసిపెట్టే పనిని ఈ మొదటి మెసేజ్‌లో కావాలనే చేర్చలేదు. విషయం తెలియకముందు “ఏమన్న పనుంటె చెప్పు” అంటే, ఏ పని అడగవచ్చో, ఎంతవరకు అడగవచ్చో ఆమె లెక్క వేసుకోవాలి. చాలామంది ఆ లెక్క వేయలేక “సరె అక్క” అని ఊరుకుంటారు. పని సంగతి తర్వాత, ఫలానా పని అని తెలిసినప్పుడు చెప్పాలి. అలాగే మీరు చేయలేనిదాన్ని దారిగా చూపించకండి. రేపు పొద్దున్నే మీకు డ్యూటీ ఉంటే “రాత్రంతా ఉంట” అనకుండా, “పదకొండున్నర దాక మేలుకోనుంట, తర్వాత రేపు సాయంత్రం మాట్లాడుదాం” అని నిజం రాయండి.

ఇక్కడ వరసను బట్టి మార్పు ఉంటుంది. చెల్లెనో తమ్మున్నో అడిగినట్టు పెద్దవాళ్లను అడగలేము. నర్సంపేట వైపు మిర్చి వేసే చిన్నాయన “ఈసారి ఏం పంటలు, ఏం బతుకులు బిడ్డ” అని వాయిస్ మెసేజ్ పెడితే, “నేను వినాల్నా, సలహా చెప్పాల్నా?” అని అడగడం ఆయనకు చిన్నతనంగా ఉంటుంది. అక్కడ ప్రశ్నను పని రూపంలోకి మార్చాలి: “కాకా, నీ మాట విన్నంక మనసు అదోలాగైంది. ఆయితారం ఊరికి వచ్చి నీతోని కాసేపు కూసోవాల్ననుంది. ఎనుమాముల మార్కెట్ల ధర ఎట్లుందో కనుక్కొని రమ్మంటవా, లేకపోతె ఊకె వచ్చి పోవాల్నా?” ఇందులో కూడా రెండు దారులే ఉన్నాయి, ఒకటి ఉపాయం, ఒకటి తోడు. ఎంచుకునే మర్యాద ఆయన చేతిలోనే ఉంది.

జవాబు వచ్చాక

మన టీచరమ్మ ఇలా రాసిందనుకుందాం: “ఏం చెప్పకు అక్క, జర విను అంతె.” ఇది స్పష్టమైన జవాబు. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి మెసేజ్‌లు వస్తాయి. అత్తకు మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉంది, భర్తకు భూపాలపల్లి సింగరేణిలో సెకండ్ షిఫ్ట్ కనుక ఆయన ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతోంది, బడిలో పదో తరగతి స్పెషల్ క్లాసులు కూడా తనకే వేశారు, బాబు రోజూ బడి గేటు దగ్గర ఎదురుచూస్తూ నిలబడుతున్నాడు. ఇవన్నీ చదువుతుంటే మీ వేళ్లకు “అత్తమ్మకు ఒక మనిషిని పెట్టుకోరాదు?” అని రాయాలనిపిస్తుంది. రాయకండి. వినమని అడిగింది కనుక, ఒప్పుకున్నారు కనుక, విననివ్వండి మీ మనసును.

అయితే వినడమంటే చాట్‌లో మౌనంగా ఉండడం కాదు. ఎదురుగా కూర్చున్నప్పుడు తల ఊపితే సరిపోతుంది, ఫోనులో నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే పట్టించుకోలేదనే అర్థమవుతుంది. ఆమె మూడు నాలుగు మెసేజ్‌లు పెట్టినప్పుడల్లా మీరు ఒక చిన్న మాట వేయండి: “చెప్పు, చదువుతున్న”, “అయ్యో, బాబు ఒక్కడే నిలబడుతున్నడా”. ఆమె ఆగినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగవచ్చు: “ఇవన్నిట్ల నీకు ఏది ఎక్కువ గుచ్చుకుంటాంది?” వచ్చే జవాబు మీరు అనుకున్నది కాకపోవచ్చు. “పనికి కాదు అక్క, ఇంట్ల ఒక్కరన్న తిన్నవా అని అడగలె” అని ఆమె రాస్తే, మనిషిని పెట్టుకోమన్న సలహా ఎంత పక్కకు పోయి ఉండేదో అప్పుడు తెలుస్తుంది.

కొంతసేపటికి ఆమె “గురువారం నాకు ఆరు దాక క్లాసుంది, బాబును ఎవరు తెస్తరో ఏమో” అని రాస్తుంది. ఇది రెండు రకాలుగా ఉండవచ్చు. మనవాళ్లు నిట్టూర్పును కూడా ప్రశ్నలాగే అంటారు, సాయాన్ని కూడా నేరుగా అడగకుండా ఇలాగే అంటారు. ఆసరా రకం మారే చోటు సాధారణంగా ఇదే. అంతవరకూ జరిగినవి చెప్పిన మనిషి రేపటి గురించి, ఒక రోజు పేరు, ఒక గంట పేరు పెట్టి మాట్లాడడం మొదలుపెడుతుంది. ఇక్కడ మళ్లీ ఒకసారి అడగాలి, ఈసారి పనిని పేరు పెట్టి: “ఇది ఊకె అనుకుంటున్నవా, నన్ను చూడుమంటున్నవా? చూడుమంటె గురువారం నాలుగింటికి నేను బడి కాడికి పోయి బాబును మా ఇంటికి తీసుకపోత, నువ్వు క్లాసు అయినంక వచ్చి తీసుకపో.” దీనికి సరే అనో వద్దనో ఒక్క మాట చాలు. వద్దంటే రెండోసారి బతిమాలకండి. ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారోనన్న లెక్క ఆమెకు మీకన్నా బాగా తెలుసు.

మీ జవాబు తప్పు దారిలో పోతోందని ఎలా తెలుస్తుందంటే, పొడుగ్గా రాస్తున్న మనిషి ఒక్కసారిగా “సరె”, “అవును”, “చూస్త” అన్న మాటలకు దిగుతుంది, లేదా బొటనవేలి బొమ్మ పెడుతుంది, లేదా మీకు థాంక్స్ చెప్పి మాట ముగిస్తుంది. అప్పుడు మీ వివరణను ఇంకా పెంచకండి. “నేను సలహాలల్ల పడ్డ కద, నువ్వు వినుమన్నవ్. నువ్వు చెప్పు” అని ఒక్క వాక్యంతో వెనక్కి రావచ్చు.

“ఏం లేదు” అన్నప్పుడు, అసలు జవాబే రానప్పుడు

“ఏం లేదక్క, ఊకె రాసిన” అంటే, అది నిజం కావచ్చు, లేదా ఇప్పుడే వద్దని కావచ్చు. రెండింటికీ మీ జవాబు ఒకటే: “సరె చెల్లె. ఎప్పుడన్న చెప్పాల్ననిపిస్తె సగం రాత్రైనా ఒక మెసేజ్ పెట్టు.” “లేదు, ఏదో ఉంది, నాకు తెలుసు” అని గుచ్చితే మరోసారి మీకు రాయదు. జవాబే రాకపోతే ఒకటి రెండు రోజులు ఆగి, ప్రశ్న లేని మెసేజ్ ఒకటి పంపండి: “నిన్న మొన్న నువ్వు యాదికొచ్చినవ్. జవాబు పెట్టకున్న ఏం కాదు.” ఇంకొకరి ద్వారా ఆరా తీయడం, ఆమె మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉమ్మడి స్నేహితులకు పంపడం మాత్రం చేయకండి. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు పేర్లున్నా మాట పాకడంలో ఒకే ఊరు.

ఎంచుకొమ్మని అడగకూడని సందర్భం

ఒక్క సందర్భంలో ఇంతవరకు చెప్పిన నెమ్మది పనికిరాదు. “నేను లేకపోతె అందరికి మంచిగుంటది”, “ఇగ ఎక్కువ రోజులు ఈ గోస ఉండదు” వంటి మాటలు, అకస్మాత్తుగా అందరికీ వీడ్కోలు చెప్పినట్టు రాయడం, అప్పులూ వస్తువులూ ఎవరికి ఏది చేరాలో అప్పగించడం కనిపిస్తే, వినాలా ఆలోచించాలా అని అడుగుతూ కూర్చోకండి. ఫోన్ చేసి నేరుగా అడగండి: “సచ్చిపోవాల్నని ఏమన్న అనిపిస్తాందా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. నేరుగా అడగడం వల్ల మనిషికి చెప్పుకునే వీలు దొరుకుతుంది.

అవునన్నా, జవాబు దాటవేసినా, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. మీరు దూరంగా ఉంటే ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్నవాళ్లను వెంటనే ఆ మనిషి దగ్గరకు పంపండి. పైన చెప్పిన చిన్నాయన లాంటి రైతు అయితే, ఇంట్లోనూ బావి దగ్గరా ఉన్న పురుగుల మందును అక్కడినుంచి తీయించడం ఆ వెళ్లినవాళ్లు చేయవలసిన మొదటి పని. “ఎవ్వరికి చెప్పను” అని మాట ఇవ్వకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఆ మనిషి తరఫున మీరు కూడా చేసి ఏం చేయాలో అడగవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి అయితే 112కు చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది.

ఆ తర్వాతి రోజుల్లో

మామూలు సందర్భాల్లో చివరగా చేయవలసింది ఒక్క మెసేజే. మరుసటి రోజు “ఎట్లున్నవ్?” అని అడిగితే “మంచిగున్న” అన్న మర్యాద జవాబే వస్తుంది కనుక, ఆమె చెప్పిన వాటిలో ఒకదాని పేరు పట్టుకుని రాయండి: “అత్తమ్మకు కుట్లు తీసిండ్రా?”, “గురువారం క్లాసు ఇప్పుడు ఎన్నింటికి అయిపోతాంది?” సాయంత్రం ఆరు దాటాక, ఇల్లు చేరి కాళ్లు కడుక్కున్నాక చదివేలా పంపితే బాగుంటుంది, పొద్దున బడి గంటకు ముందు పంపితే మాత్రం అది ఆమెకు ఇంకో పని అవుతుంది. ఆమె దాని గురించి మాట్లాడకుండా బాబు చేసిన అల్లరి గురించి రాస్తే, మీరూ బాబు గురించే రాయండి.